నారింజ దీపం ఆరేదాకా

నా గొంతు విని నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. నా నోటి సంగతి వాళ్లకి తర్వాత తెలిసింది. గేమ్ కన్సోళ్లు కొన్నవాళ్లు పనిచేయడం లేదని ఫోను చేస్తే ఎత్తే గది మాది. నాలుగు వరుసల బల్లలు, బల్లకీ బల్లకీ మధ్య అట్టగోడలు, ప్రతి బల్ల మీదా ఒక తెర, తెర మూలన ఎర్రంకెల్లో పరుగెత్తే టైము. ఒక్కో ఫోను పన్నెండు నిమిషాల్లో ముగించాలి. పదమూడో నిమిషం పడిందంటే మా టీమ్ లీడర్ వీపు వెనక ప్రత్యక్షమవుతాడు. మనిషి మంచివాడే, కాకపోతే నిమిషాలు తప్ప ఇంకేమీ కంటికి ఆనవు. అందుకని మేమంతా అతనికి గడియారం అని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినొచ్చి హెడ్‌సెట్ తగిలించుకున్నానో లేదో ఫోను మోగింది. నేను నమస్కారం పూర్తి చేసేలోపే అవతలి పెద్దాయన అందుకున్నాడు.

"అమ్మాయ్, పొద్దున్న కూడా చేశాను. ఎవరో అబ్బాయి మాట్లాడాడు. పెట్టె మొత్తం తుడిచేయమన్నాడు. ఫోను పెట్టేశాను. నువ్వూ అదే చెప్పేటట్టయితే ఇప్పుడే చెప్పేయ్. ఇద్దరికీ టైము కలిసొస్తుంది."

నా తెర మీద పొద్దుటి ఫోను వివరం ఉంది. 'రీసెట్ చేయమన్నాం. కస్టమర్ సహకరించలేదు' అని రాసి పెట్టారు. ఆ ముక్క చూస్తే నాకు ఒళ్లు మండింది. ఆయన సహకరించకపోవడం కాదు, మనం వినలేదు.

"తుడవడం సంగతి తర్వాత సార్. ముందు ఏం జరిగిందో చెప్పండి."

"స్పీకరు పెట్టాను. మా ఆవిడ చెబుతుంది. పాస్‌వర్డు మార్చిన మహాతల్లి ఆవిడే."

"నేను మారిస్తే మహాతల్లినా?" అని ఆడగొంతు దగ్గరికొచ్చింది. "అమ్మా, నిన్న సాయంత్రం నాకు మెయిలొచ్చింది. మీ అకౌంటులోకి ఎవరో తెలియని ఫోను నుంచి లోపలికొచ్చారు, అది మీరు కాకపోతే పాస్‌వర్డు మార్చండి అని. మార్చాను. తప్పా?"

"తప్పేం కాదమ్మా. మార్చకపోతే అది తప్పు."

"విన్నారా?" అంది ఆవిడ, నాతో కాదు. "ఇదిగో, అప్పటినుంచీ ఈ పెట్టె ఒకటే పాట. మీరేనా అని అడుగుతుంది. పాస్‌వర్డు కొడతాం. ఫోనుకి ఆరంకెల కోడ్ వస్తుంది, అదీ కొడతాం. సరే, మీరే అంటుంది. ఒక్క క్షణం ఆగి మళ్లీ మీరేనా అంటుంది. రాత్రి పదిసార్లు, పొద్దున్న పదిసార్లు. అత్తగారు కూడా నన్నిన్ని సార్లు ఎవరివి అని అడగలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"అమ్మాయ్, నాకా పెట్టె రేపు పది గంటల్లోపు తెరుచుకోవాలి" అన్నాడు. ఆ తర్వాత సంగతంతా తనే చెప్పాడు, మొదటినుంచీ, తొందర లేకుండా.

ఆయన వాచీలు బాగుచేసేవాడు. ముప్ఫై నాలుగేళ్లు ఒకే కొట్టులో, ఒకే బల్ల దగ్గర. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం మొండికేసింది. ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఇంట్లో కన్సోల్ ఉందని విని ఒక ఆట చెప్పింది. కుడిచేత్తో రిమోట్ పట్టుకుని సన్నటి దారిలో గోళీని అంచులకి తగలకుండా నడిపించాలి. చెయ్యి ఎంత వణికిందో ఆట రోజుకో గీతగా గీసి దాచిపెడుతుంది. నూట నలభై రోజులు ఆడాడు. మొదటి వారం అన్నీ కోడిగీతలే. ఇప్పుడు చాలావరకు తిన్నగా వస్తున్నాయి.

"రేపు ఆ గీతలు చూసి డాక్టరమ్మ కాగితం రాసివ్వాలి. నేను మళ్లీ పనిలో కూచోవచ్చో లేదో ఆ కాగితంలో ఉంటుంది. కొట్టు యజమాని నా బల్ల ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచాడు. ఇకనుంచీ ఉంచలేనన్నాడు, అతని తప్పు లేదు. ఆ గీతలు తుడిచేస్తే నేనేం చూపించను?"

"చెయ్యి చూపించండి" అంది ఆవిడ.

"చెయ్యి అబద్ధాలాడుతుంది. వాళ్ల ముందు కూచుంటే వణుకుతుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. ఆ రిమోట్ తప్ప కుడిచేత్తో ఇంకేదీ, గ్లాసు కూడా, పట్టుకోను. ఇప్పుడీ ఫోనూ ఎడమచేతిలోనే ఉంది."

నా బల్ల మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. లాగిన్ సమస్యలకి ఏడు మెట్లు. ఏడోది ఫ్యాక్టరీ రీసెట్, అంటే పెట్టెలో ఉన్నదంతా తుడిచేసి కొన్ననాటి స్థితికి తేవడం. చేరిన కొత్తలో నేను ఒక పిల్లకి ఆ ఏడో మెట్టు గడగడా చదివేశాను. మూడేళ్లపాటు ఆటలో ఒక ఊరు కట్టుకుందట. అంతా అయ్యాక, ఊరు లేదని చూసుకుని, "పర్వాలేదక్కా, థాంక్స్" అంది. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచీ ఏడో మెట్టు దాకా వెళ్లాలంటే నాకు చెయ్యి రాదు.

"సార్, ఆ గీతలు ఆన్‌లైన్‌లో దాచే స్విచ్ ఆన్‌లో ఉందా?" అంటూ నా తెర మీద చూశాను. లేదు. ఒక్కసారి కూడా పైకి వెళ్లలేదు.

"ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉండాలని నేనే ఆపేశాను."

అయితే నూట నలభై రోజులూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. గడియారం అప్పుడే రెండో వరుస దగ్గర కనబడ్డాడు. ఎర్రంకెలు తొమ్మిది నిమిషాలు చూపిస్తున్నాయి.

"అమ్మా, ఇకమీదట కోడ్ మళ్లీ మళ్లీ అడక్కండి. కొత్తది అడిగిన ప్రతిసారీ పాతది చెల్లకుండా పోతుంది. మరీ ఎక్కువసార్లు అడిగితే కాసేపు కోడ్‌లు పంపడమే ఆపేస్తారు."

"ఇప్పుడొకటి వచ్చిందమ్మా. నాలుగు, ఏడు..."

"చెప్పకండి. నాకే కాదు, ఫోనులో ఎవరడిగినా చెప్పకండి. పాస్‌వర్డూ అంతే."

"మరి మీరు కంపెనీవాళ్లేగా?"

"కంపెనీవాళ్లు అడగరమ్మా. అడిగారంటే వాళ్లు కంపెనీవాళ్లు కాదు."

ఆవిడ ఫోనులో మా కంపెనీ సైటు తెరిపించాను. కొత్త పాస్‌వర్డుతో అక్కడ సాఫీగా లోపలికి వెళ్లింది. అంటే పాస్‌వర్డు బాగానే ఉంది, అకౌంటూ బాగానే ఉంది, పేచీ అంతా పెట్టెలో ఉంది. ఇది తెలియగానే నాకు కొంచెం ఊపిరాడింది.

"ఇదేమిటో అర్థమయ్యేలా చెప్పమ్మాయ్" అన్నాడాయన. "యంత్రం ఊరికే తిరుగుతోందంటే ఎక్కడో పన్ను జారుతూ ఉండాలి."

"పెద్దాసుపత్రి అనుకోండి సార్. గేటు దగ్గర పాసు చూస్తారు. మీరు పాస్‌వర్డు మార్చిన క్షణం నుంచీ పాత పాసులు చెల్లవు. మీరు గేటు దగ్గర కోడ్ చెప్పి నేనేనని నిరూపించుకుంటున్నారు, వాళ్లు సరేనంటున్నారు. కానీ లోపలికెళ్లాక మీ పెట్టె జేబులోంచి మళ్లీ నిన్నటి పాసే తీసి చూపిస్తోంది. ఇది పాతది, గేటు దగ్గరికి వెళ్లు అంటున్నారు. గేటు దగ్గర మళ్లీ మీరేనా అంటున్నారు."

"అయితే జేబులో పాతది తీసి పారేయాలి."

"అంతే సార్."

"దానికోసం ఇల్లంతా తగలబెట్టమన్నాడా పొద్దుటి అబ్బాయి?"

నేను దానికి జవాబు చెప్పలేదు. ఫోన్లు రికార్డవుతాయి.

సైటులో భద్రత అనే పేజీకి ఆవిడని తీసుకెళ్లాను. అకౌంటు ఎక్కడెక్కడ తెరిచి ఉందో అక్కడ జాబితా ఉంటుంది. ఆవిడ ఒక్కొక్కటీ చదివింది. ఈ ఫోను, పాత టాబ్లెట్ ఒకటి, కన్సోల్, ఆ పక్కన ఏడాది కిందటి తేదీ. కింద ఎవరిదో తెలియని ఫోను.

"ఈ చివరిది ఎవడిదో గాని..." అని ఆవిడ పళ్లు కొరికింది.

"అన్నిటినీ ఒకేసారి బయటికి పంపే మీట కింద ఉంది. నొక్కండి. పాత టాబ్లెట్‌లో మళ్లీ లాగిన్ అవ్వాలి, అంతకు మించి నష్టం లేదు. పెట్టెలో దాచినవి ఎక్కడికీ పోవు."

నొక్కింది. అయిదు నిమిషాలు ఆగమన్నాను, ఆ మాట అన్నిచోట్లకీ చేరాలి గనక. ఈలోపు పన్నెండో నిమిషం దాటింది. గడియారం వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"రీసెట్ చెప్పావా?" అన్నాడు లోగొంతుతో.

మైకు మూసి, "చెప్పలేదు. చెప్పను" అన్నాను.

"ఏడో మెట్టు అదే కదా."

"ఏడో మెట్టు దాకా వెళ్లలేదు అన్నా. ఇంకా మూడు దగ్గరే ఉన్నాం. నువ్వు నా వీపు మీద నిలబడితే నాలుగుకి రాను."

అతను ఏమనుకున్నాడో గాని పక్క బల్ల మీది హెడ్‌సెట్ తీసుకుని మా ఫోను వినడానికి తగిలించుకున్నాడు. పోనీలే, విననీ అనుకున్నాను.

"సార్, ఇప్పుడు తెర మీద కింద సైన్ అవుట్ అని ఉంటుంది. అది ఎంచుకోండి. పక్కనే యూజర్‌ని తొలగించు అని ఇంకోటుంటుంది. దాని జోలికి మాత్రం పోకండి. దాన్ని నొక్కితే గీతలు కూడా పోతాయి."

"ఒకటికి రెండుసార్లు చదివి నొక్కుతాను." నొక్కాడు. "అయింది."

"ఇప్పుడు పెట్టె ఆపేయండి. ఒక నిమిషం తర్వాత వేయండి."

ఆపానన్నాడు. నిమిషం లెక్కపెట్టాం. మళ్లీ వేశానన్నాడు. ఆవిడ పాస్‌వర్డు కొట్టింది, కోడ్ కొట్టింది.

"మీరేనా అంటోందమ్మా" అంది ఆవిడ. ఈసారి గొంతులో హాస్యం లేదు.

పాత పాసులన్నీ రద్దు చేశాం. సైన్ అవుట్ అయ్యాం. ఆపి మళ్లీ వేశాం. ఇంకా ఆ పెట్టె నిన్నటి పాసే పట్టుకుని ఉందంటే అది దాన్ని ఎక్కడ దాచుకుంది? గడియారం నా వైపు చూసి ఏడు వేళ్లు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"అమ్మాయ్, నిజం చెప్పు" అన్నాడాయన. "ఇక తుడవడమేనా?"

నా మెట్ల కాగితం మళ్లీ మొదటినుంచీ చూశాను. అప్పుడు ఆయన వెనకనుంచి సన్నటి రొద వినిపించింది. చిన్న ఫ్యాను తిరుగుతున్నట్టు.

"సార్, ఇందాక పెట్టె ఎలా ఆపారు?"

"రిమోట్‌తో. రోజూ అలాగే ఆపుతాను."

"ఆపాక దాని మీద దీపం ఆరిపోతుందా?"

"ఆరదు. నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది. ఎప్పుడూ అంతే."

నా నెత్తి మీద నేనే ఒకటి మొట్టుకున్నాను. "అది ఆగడం కాదు సార్. నారింజ దీపం ఉంటే అది కునుకు తీస్తున్నట్టు. బుర్రలో ఉన్నదంతా అలాగే ఉంటుంది, పాత పాసుతో సహా. మీరు లేపగానే అదే చూపిస్తోంది. దీన్ని పూర్తిగా ఆపి ఎన్నాళ్లయింది?"

అవతల ఆయన కాస్త తటపటాయించాడు. "కొన్ననాటి నుంచీ ఆపలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ప్లగ్గుకి టేపు చుట్టేశారమ్మా" అంది ఆవిడ, ఫిర్యాదు చేసే అవకాశం ఇన్నాళ్లకి దొరికినట్టు. "కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ డబ్బా ఒకటి పెట్టి, దానికి దీని ప్లగ్గు గుచ్చి, ఎవరూ పీకకుండా నల్లటేపు నాలుగు చుట్లు చుట్టేశారు. ఇంట్లో గోడ గడియారాలూ అంతే. ఏదీ ఆగకూడదు ఈయనకి."

"పాత వాచీలు చేతిలో పడితే తెలుస్తుంది నీకు" అన్నాడాయన. "నడిచినన్నాళ్లు నడుస్తాయి. ఒకసారి ఆగాయంటే నూనె బిగుసుకుపోయి మళ్లీ కదలవు. నడుస్తున్నదాన్ని ఊరికే ఆపకూడదని మా గురువు చెప్పాడు. నాకే చూడు, ఒక్క పూట ఆగింది ఈ చెయ్యి."

గడియారం కిందికి చూశాడు.

"సార్, ఇది వాచీ కాదు" అన్నాను మెల్లగా. "ఇది ఆగితేనే బాగుపడుతుంది. గీతలు వేరే చోట, పలక మీద చెక్కినట్టు ఉంటాయి. కరెంటు తీసినా పోవు. పోయేది బుర్రలో పట్టుకున్న పాత పాసు ఒక్కటే."

"ఒట్టు?"

"ఒట్టు. కాకపోతే వరుస తప్పకూడదు. నారింజ దీపం ఉండగా ప్లగ్గు పీకకండి, అది ప్రమాదం. ముందు పెట్టె మీదున్న మీటని పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. దీపం పూర్తిగా ఆరాలి. ఆ తర్వాతే ప్లగ్గు."

మీట ఆవిడ నొక్కింది. పైకే లెక్కపెట్టింది. పది అనగానే ఆ ఫ్యాను రొద ఆగిపోయింది. నాలుగు వరుసల గోల మధ్య కూడా నాకా ఆగడం వినిపించింది.

"దీపం ఆరింది" అన్నాడాయన.

"ఇప్పుడు ప్లగ్గు తీయండి."

"ఈ టేపు కొస ఎక్కడుందో దేవుడికే తెలియాలి" అంది ఆవిడ. "ఉండండి, లోపల్నుంచి కత్తెర తెస్తాను." అడుగులు దూరమయ్యాయి. ఎక్కడో సొరుగు లాగిన చప్పుడు, గరిటెలో చెంచాలో కదిలిన చప్పుడు. ఆయన దగ్గర మాత్రం ఊపిరి ఒకటే వినిపిస్తోంది, పని మీద వంగిన మనిషి ఊపిరి. తర్వాత సన్నగా టేపు లేచిన శబ్దం. ఒక చుట్టు. ఇంకో చుట్టు.

"కత్తెర అక్కర్లేదు" అని లోపలికి కేకేశాడు. "వచ్చేసింది. ప్లగ్గు తీసేశాను."

రెండు నిమిషాలు ఆగమన్నాను. గడియారం తెర మీది ఎర్రంకెలు చూడటం మానేశాడు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు.

ప్లగ్గు పెట్టారు. మీట నొక్కారు. ఈసారి పెట్టె తీరుబడిగా లేచింది, కొన్న రోజున లేచినట్టు. కంపెనీ గుర్తు వచ్చిందని, యూజర్ పేరు వచ్చిందని ఆవిడ చెబుతూ వచ్చింది. ఆవిడ పాస్‌వర్డు కొట్టింది. మీరేనా అంది. కోడ్ వచ్చింది. నాతో చెప్పకుండా కొట్టింది.

"సరే మీరే అంటోంది" అంది.

నేను కళ్లు మూసుకున్నాను. నిన్నటినుంచీ ఇక్కడే కదా మళ్లీ మొదటికొచ్చేది.

"అడగడం లేదు" అంది ఆవిడ. "అమ్మా, అడగడం లేదు. బొమ్మలన్నీ వచ్చేశాయి."

"ఆట తెరవండి. గీతలున్నాయా?"

మీటలు టకటకలాడాయి. ఆయన లెక్క మొదలుపెట్టాడు. పది దాకా లెక్కపెట్టి మానేశాడు. "ఉన్నాయి తల్లీ. మొదటి రోజు కోడిగీత దగ్గర్నుంచీ ఉన్నాయి. నూట నలభై అని పైన రాసి కూడా ఉంది."

కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఏడుపొచ్చింది, సిగ్గు పడకుండా ఏడ్చాను. గడియారం తన జేబు రుమాలు నా బల్ల మీద పెట్టాడు. మడత కూడా విప్పనిది.

ముక్కు తుడుచుకుని, గీతల్ని ఆన్‌లైన్‌లో దాచే స్విచ్ ఆన్ చేయించాను. ఇంట్లో వస్తువు ఇంట్లోనూ ఉంటుంది, ఒక నకలు బయటా ఉంటుందని చెబితే ఒప్పుకున్నాడు. నకలు పైకి వెళ్లిందని నా తెర మీద కనబడేదాకా ఆగాను. వారానికోసారైనా నారింజ దీపం ఆరేదాకా ఆపుతానని మాట కూడా తీసుకున్నాను.

"ఇక ఉంటాను సార్. రేపు..."

"ఏమండీ" అంది ఆవిడ, నా మాట మధ్యలో. కత్తెర ఎక్కడో పెట్టిన చప్పుడు వినబడింది. "ఈ టేపు ఎలా తీశారు?"

"గోటితో. కొస పట్టుకుని లాగాను."

"ఏ చేత్తో?"

"గోటితో అన్నానుగా" అన్నాడాయన.

"ఫోను ఎడమచేతిలోనే ఉంది" అంది ఆవిడ. "ఇప్పటికీ అదే చేతిలో ఉంది. నేను వెళ్లినప్పుడూ ఉంది, వచ్చినప్పుడూ ఉంది."

నేను హెడ్‌సెట్‌ని రెండు చేతులతో చెవులకి నొక్కుకున్నాను. పక్కన గడియారం కూడా అదే పని చేశాడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"కొస బాగా అణిగిపోయింది" అన్నాడు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "నాలుగు చుట్లూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. బొటనవేలి గోటితో తడిమితే సన్నగా తగిలింది. వాచీ వెనక మూత అంచు తగిలినట్టే తగిలింది. పట్టుకున్నాను. వణకలేదు. అసలు చెయ్యి సంగతే గుర్తులేదు నాకు. దీపం ఆరింది, ప్లగ్గు తీయాలి, అంతే."

ఆవిడ ఏడుస్తోంది. ఆయన ఆవిడని ఓదార్చకుండా ఇంకేదో వెతుకుతున్నాడు. కింద కాగితాలు జరిపిన చప్పుడు.

"ఆ టేపు ఏం చేశారు?" అంది ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ.

"అదే వెతుకుతున్నాను. ఇదిగో, ఇక్కడుంది. చెత్తలో పారేసేవు సుమా. రేపు డాక్టరమ్మకి గీతలతో పాటు ఇదీ చూపించాలి."

నాకు థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశారు. ఎర్రంకెలు నలభై మూడు నిమిషాల దగ్గర ఆగాయి. వివరం రాసే గడిలో 'పాత లాగిన్లన్నీ తీసేశాం, పెట్టె పూర్తిగా ఆపించాం, రీసెట్ అవసరం లేదు' అని రాసి, పొద్దుటి 'సహకరించలేదు' అనే మాట కొట్టేశాను. గడియారం ఇంకా పక్కనే ఉన్నాడు. నా బల్ల మీది కాగితం చూసి పెన్ను తీసుకుని ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య సందులో, దీపం ఏ రంగులో ఉందో అడగండి, అని రాశాడు.